ఒప్పుకున్న ఇంటర్వ్యూ తేదీ మార్చమని మెయిల్ ఎలా రాయాలి? గురువారం 20న, బెంగళూరులో

హరిత అనంతపురం | సోమవారం, 17 నవంబర్ 2025, సాయంత్రం 6:50

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక ఆడిటర్ ఆఫీసులో రెండున్నరేళ్లుగా పనిచేస్తున్నాను. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి ఈ గురువారం, 20వ తేదీ ఉదయం 11:30కి ఇంటర్వ్యూ ఉంది. ఆన్‌లైన్ కాదు, నేరుగా వెళ్లాలి. పోయిన బుధవారం వాళ్లు మెయిల్ పెడితే వస్తానని జవాబిచ్చేశాను. క్యాలెండర్‌లో Yes కూడా నొక్కేశాను.

ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. నాన్నకు 27న అనుకున్న హెర్నియా ఆపరేషన్ 20కి జరిపారు, 19 సాయంత్రమే చేరాలట. ఈ తేదీ వద్దంటే మళ్లీ డిసెంబర్ రెండో వారమే అన్నారు. తమ్ముడు కర్నూలులో ఇంజినీరింగ్, వాడికి పరీక్షలు. అమ్మ ఒక్కతే సంతకాలు, మందుల షాపు, బిల్లింగ్ కౌంటర్ అంటూ తిరగలేదు.

మెయిల్ మూడుసార్లు రాసి చెరిపేశాను. ఒకటి బతిమాలినట్టుంది, ఒకటి బడిలో సెలవు చీటీలా ఉంది. ఒకసారి ఒప్పుకున్నాక మార్చమంటే అసలుకే తీసేస్తారేమోనని టెన్షన్. ఏం రాయాలి, ఎన్ని తేదీలు ఇవ్వాలి, ఈ రాత్రే పంపాలా రేపా?

---

కొండారెడ్డి బురుజు | సోమవారం, 7:05

మెయిల్ ఎవరు చూస్తారు చెల్లీ! పొద్దున పదికి ఫోన్ కొట్టు, జ్వరం అని చెప్పు. నాన్న ఆపరేషన్ అంటే ఈ అమ్మాయికి ఇంటి గొడవలు ఎక్కువ అనుకుంటారు. ఇక తేదీలు మనం ఇవ్వడం ఏంది? మీకెప్పుడు వీలైతే అప్పుడు వస్తానంటే అదే మర్యాద. నేను రెండుసార్లు ఇట్లే చేసినా. ఒకసారి పని జరిగింది.

---

నాగమణక్క | సోమవారం, 7:12

గురువారం అమావాస్య కదా తల్లీ, మధ్యాహ్నం పన్నెండుంబావు దాకా ఉంది. మార్చుకోవడమే మంచిది. మా పెద్దోడు కూడా అమావాస్య నాడు ఇంటర్వ్యూకి పోనని మొండికేసినాడు. కానీ మెయిల్‌లో అమావాస్య అని రాయద్దు, నవ్వుతారు.

---

హరిత అనంతపురం | సోమవారం, 7:15

అక్కా, నేను మార్చమనేది అమావాస్య గురించి కాదు. ఆ రోజు నాన్నకు ఆపరేషన్.

---

నాగమణక్క | సోమవారం, 7:19

అయ్యో, పైన రెండు లైన్లు చూసి రాసేసినా. ఆపరేషన్ అమావాస్య నాడు పెట్టుకున్నారా? సరేలే, డాక్టర్లకు అవన్నీ ఎక్కడివి. నాన్న బాగుండాల.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 7:48

హరిత గారూ, నేను పదకొండేళ్లుగా బెంగళూరులో ఇంటర్వ్యూలు ఏర్పాటు చేసే పనిలోనే ఉన్నాను. మీ మెయిల్ లాంటివి వారానికి నాలుగైదు వస్తాయి. అవి అవతల ఎలా కనపడతాయో చెప్తాను, అప్పుడు ఏం రాయాలో మీకే తెలిసిపోతుంది.

మీ 11:30 అంటే మా దగ్గర మూడు విషయాలు. ఒకటి, ఫైనాన్స్ మేనేజర్ క్యాలెండర్‌లో గంట. రెండు, ఇంకో ప్యానెల్ మెంబర్ క్యాలెండర్‌లో అదే గంట. మూడు, మీటింగ్ రూమ్. మీరు మార్చమన్నప్పుడు ఈ మూడూ ఒకేచోట కలిసే ఇంకో గంట నేను వెతకాలి. నాకు విసుగొచ్చేది మీరు మార్చమన్నందుకు కాదు, ఎప్పుడు రాగలరో చెప్పనందుకు. 'మీకెప్పుడు వీలైతే అప్పుడు' అని రాస్తే నేను మేనేజర్‌ని అడిగి ఒక టైమ్ పట్టుకుని మీకు రాస్తాను. మీరు ఆ రోజు కుదరదంటారు. మళ్లీ మేనేజర్ దగ్గరికి పోవాలి. ఒక్కో చుట్టుకి అర రోజు పోతుంది. మూడో చుట్టుకి ఆయన 'ఇంకో అభ్యర్థి లేరా' అని అడుగుతాడు. అమ్మాయి పోగొట్టుకునేది అక్కడ, తేదీ మార్చమన్నప్పుడు కాదు.

అందుకని మూడు ఖాళీలు ఇవ్వండి. విడి గంటలుగా కాదు, రెండు మూడు గంటల నిడివి ఉన్నవిగా. 'మంగళవారం 2 గంటలకు' అంటే మేనేజర్‌కి ఆ గంట ఖాళీ లేకపోతే అయిపోయినట్టే. 'మంగళవారం 2 నుంచి 5 మధ్య' అంటే అందులో ఎక్కడో ఒకచోట నేను సర్దగలను. మూడూ ఒకే రోజున పెట్టవద్దు, మూడూ ఉదయాలే కూడా పెట్టవద్దు. కొందరు మేనేజర్లకు ఉదయమంతా మీటింగులే.

కారణం ఒక్క వాక్యం చాలు, నిజమే రాయండి. బురుజు అన్న చెప్పిన జ్వరం సంగతి: గురువారం జ్వరం అన్న మనిషికి సోమవారమే ఆ జ్వరం ఎలా తెలిసింది? మేము పైకి అడగం, కానీ అనుకుంటాం.

ఈ రాత్రే పంపండి. మా పనిలో ఉదయం ముందుగా చూసేది ఆ రోజు, మరుసటి రోజు ఇంటర్వ్యూల సంగతే. రేపు తొమ్మిదిన్నరకి అది పైనే ఉంటుంది. ఇవాళ తెలిసింది, ఇవాళే చెప్పారు అన్నది మెయిల్ వచ్చిన టైమే చూపిస్తుంది.

---

కొండారెడ్డి బురుజు | సోమవారం, 7:55

అయితే ఫోన్ వద్దంటావా అన్నా?

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 8:01

వద్దనలేదు. మెయిల్ తర్వాత ఫోన్. రేపు పదిన్నరకి ఒక నిమిషం: 'రాత్రి మెయిల్ పెట్టాను, చూశారా?' అంతే. ఒక్క ఫోన్‌తో వదిలేస్తే నేను తలూపి పెట్టేస్తాను, ఆ తర్వాత ఇరవై ఫోన్లలో మీ తేదీలు కొట్టుకుపోతాయి. మెయిల్ ఉంటే దాన్ని అట్లే మేనేజర్‌కి పంపేస్తాను.

అవునూ, నీ రెండోసారి ఏమైంది?

---

కొండారెడ్డి బురుజు | సోమవారం, 8:03

వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. ఇంకా చేస్తానే ఉన్నారు.

---

తాడిపత్రి ట్యాలీ | సోమవారం, 8:10

హరితా, నువ్వు ఆడిటర్ ఆఫీసు అంటున్నావు. 20 అంటే అక్టోబర్ 3బి రిటర్న్‌కి ఆఖరి తేదీ! ఆ రోజు అసలు మీ సార్ సెలవిచ్చేవాడా? జీఎస్టీ అనే కారణం రాసెయ్. అకౌంట్స్ ఉద్యోగమే కాబట్టి వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, ఇంటి విషయం చెప్పుకోవాల్సిన పనీ లేదు.

---

హరిత అనంతపురం | సోమవారం, 8:16

మా రిటర్నులు 19కే అయిపోయేలా పెట్టుకుని, సార్‌ని అడిగి 20న సెలవు తీసుకున్నానన్నా. అది అబద్ధమవుతుంది.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 8:22

అబద్ధం సంగతి పక్కన పెట్టినా అది బలహీనమైన కారణమే. 20న రిటర్న్ ఆఖరి తేదీ అని మీకు పోయిన బుధవారం ఒప్పుకున్నప్పుడూ తెలుసు. అకౌంట్స్ మేనేజర్‌కి ఈ లెక్క మనకంటే బాగా వచ్చు. 'ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నావు' అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒప్పుకున్న తర్వాత పుట్టిన కారణమే నిలబడుతుంది, ఆపరేషన్ ఇవాళ జరిగిన మార్పు.

కానీ ట్యాలీ అన్న మాటలో పనికొచ్చేది ఒకటుంది. 20న వాళ్ల మేనేజర్‌కీ తల మునిగే పనే. ఆయన కూడా లోపల సంతోషించొచ్చు. కొత్త తేదీలు ఎంచుకునేటప్పుడు అదే చూడండి: 20 దాటాలి, నెలాఖరు పని మొదలయ్యే 28కి ముందే ఉండాలి.

---

హరిత అనంతపురం | సోమవారం, 8:30

సరే అన్నా, ఇవి చూడండి: శుక్రవారం 21 ఉదయం 9:30 నుంచి 12, శనివారం 22 ఎప్పుడైనా, సోమవారం 24 ఉదయం 9:30 నుంచి 12. దగ్గరి తేదీలు ఇస్తే ఆసక్తి ఉందని అనుకుంటారు కదా?

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 8:44

ఆసక్తి కనపడుతుంది, మీరు మాత్రం కనపడరు. ఒక్కొక్కటీ చూద్దాం.

21 ఆపరేషన్ మరునాడు. డాక్టర్ ఇంకో రోజు ఉంచుదామంటే రెండోసారి మార్చమని అడగాలి. మొదటిసారి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, రెండోసారి పట్టించుకుంటారు. ఆసుపత్రి తేదీ మీద ఆధారపడే రోజు ఏదీ ఇవ్వకండి. 22 శనివారం, చాలా ఆఫీసులకు సెలవు, ఆ ఖాళీ వృథా.

ఇక 9:30. మీరు అనంతపురంలో బస్సు ఎన్నింటికి ఎక్కుతారు?

---

హరిత అనంతపురం | సోమవారం, 8:47

అబ్బా, అది ఆలోచించలేదు.

---

గుంతకల్లు జంక్షన్ | సోమవారం, 8:53

నేను ఈ దారిలో చాలాసార్లు పోయినా. ఉదయం ఆరుకి అనంతపురంలో ఎక్కితే హెబ్బాళ్ వచ్చేసరికి పదిన్నర అనుకో. అక్కడి నుంచి వైట్‌ఫీల్డ్‌కి ట్రాఫిక్‌లో ఇంకో గంటన్నర. పన్నెండు దాటుతుంది. ముఖం కడుక్కుని, నాలుగు మెతుకులు తిని, సెక్యూరిటీ దగ్గర పేరు రాయించుకునేసరికి ఒంటిగంట. మధ్యాహ్నం రెండింటికి ముందు ఏ టైమూ ఒప్పుకోవద్దు. ఉదయం ఇవ్వాలంటే ముందు రాత్రి బెంగళూరులో పడుకోవాల.

---

హరిత అనంతపురం | సోమవారం, 9:00

మారతహళ్లిలో మా చిన్నమ్మ ఉంది, అక్కడ పడుకోవచ్చు. అంతకుముందు 11:30కి ఒప్పుకున్నది కూడా ఆ ధైర్యంతోనే.

ఇప్పుడు ఇలా వేశాను: మంగళవారం 25 మధ్యాహ్నం 2 నుంచి 5, బుధవారం 26 ఉదయం 10:30 నుంచి 1, గురువారం 27 మధ్యాహ్నం 2 నుంచి 5. ఈ రోజుల్లో తమ్ముడు వచ్చి నాన్న దగ్గర ఉంటాడు, వాడి చివరి పరీక్ష 24న. బుధవారం ఉదయం ఖాయమైతే మంగళవారం రాత్రికి చిన్నమ్మ ఇంట్లో ఉంటాను.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 9:04

ఇవీ తేదీలంటే. మూడు రోజులు, ఒక ఉదయం, రెండు మధ్యాహ్నాలు, మూడూ మీరు నిజంగా రాగలిగినవి. జవాబు వచ్చేదాకా ఈ మూడింటినీ ఎవరికీ ఇవ్వకండి, మీ ఆఫీసుకి కూడా.

---

గుంతకల్లు జంక్షన్ | సోమవారం, 9:10

నా కథ ఒకటి చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుందేమో. పోయినేడు నేనూ ఇట్లే తేదీ మార్చమని చక్కగా మెయిల్ రాసినా. జవాబు లేదు. రెండు రోజుల తర్వాత 'మీరు హాజరు కాలేదు' అని మెయిల్ వచ్చింది. చూస్తే నేను జవాబిచ్చింది `noreply` అని మొదలయ్యే అడ్రస్‌కి! ఇంటర్వ్యూ సమాచారం ఆటోమేటిక్‌గా దాన్నుంచే వచ్చింది, నేను గుడ్డిగా రిప్లై కొట్టినా.

ఇంకో ప్రశ్న. మా అన్న కొడుకుకి ప్రభుత్వ ఉద్యోగం ఇంటర్వ్యూ కాల్ లెటర్ వచ్చింది. వాడు కూడా ఈ మూడు తేదీల పద్ధతి వాడొచ్చా?

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 9:15

కాల్ లెటర్ వేరే లోకం తమ్ముడూ. అక్కడ తేదీ మార్చుకునే వీలుందా, ఉంటే ఎవరికి ఏ కాగితాలతో రాయాలి అన్నది ఆ లెటర్లో, నోటిఫికేషన్‌లో ఉన్న ప్రకారమే. మనం తేదీలు ఇచ్చి ఎంచుకోమనే పద్ధతి అక్కడ నడవదు. వాణ్ణి లెటర్ ఆఖరి పేజీ దాకా చదవమను.

noreply గురించి బాగా గుర్తు చేశావు. హరిత గారూ, మీకు మెయిల్ ఎవరి నుంచి వచ్చింది?

---

హరిత అనంతపురం | సోమవారం, 9:19

హెచ్ఆర్ మేడమ్ పేరుతోనే వచ్చింది. క్యాలెండర్‌లో కూడా ఆర్గనైజర్‌గా ఆమె పేరే ఉంది. కాపీలో ఇంకొకరున్నారు, కన్సల్టెన్సీ ఆయన.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 9:26

అయితే ఆ పాత మెయిల్‌కే, ఇద్దరికీ వెళ్లేలా జవాబు రాయండి. కొత్త మెయిల్ వద్దు. సబ్జెక్టు లైన్ కూడా ముట్టుకోకండి. జీమెయిల్‌లో సబ్జెక్టు మార్చితే అది వేరే సంభాషణగా విడిపోతుంది, పాత మెయిల్స్‌తో కలిసి ఒకేచోట కనపడదు. అప్పుడు నేను 'ఈ హరిత ఎవరు' అని వెతకాలి. 'అర్జెంట్' అనే మాట కూడా అక్కడ ఎక్కించకండి.

కన్సల్టెన్సీ ఆయన్ని వదిలేస్తే ఇంకో తంటా. ఆయన పాత తేదీకే మిమ్మల్ని తరుముతుంటాడు.

క్యాలెండర్‌లో ఇప్పుడే No నొక్కకండి. మెయిల్ చూడకముందే 'రానంటోంది' అనే ముక్క ఒక్కటే ఆమెకి చేరుతుంది, కారణం లేకుండా. కొందరు అక్కడే ఉండే Propose a new time వాడతారు. తప్పేం లేదు గానీ అందులో ఒక్క టైమే ఇవ్వగలం, మనకి కావాల్సింది మూడు.

రాసి ఇక్కడ పెట్టండి, చూద్దాం. పంపేది ఇంగ్లీషులోనే అయినా ఇక్కడ తెలుగులో చెప్పండి.

---

హరిత అనంతపురం | సోమవారం, 9:41

ఇదీ నాలుగో ప్రయత్నం:

> గౌరవనీయులైన మేడమ్, మీ అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు నన్ను మన్నించండి. మా నాన్నగారికి కొంతకాలంగా ఆరోగ్యం బాగాలేదు. ఆయనకు హెర్నియా ఉంది. 27న జరగాల్సిన ఆపరేషన్ డాక్టర్ గారు 20కి మార్చారు. మా తమ్ముడు చదువుకుంటున్నాడు, అమ్మ ఒంటరిగా చూసుకోలేదు. రిపోర్టు జతచేస్తున్నాను. ఈ ఉద్యోగం నాకు చాలా ముఖ్యం, దయచేసి నన్ను తొలగించవద్దు. వీలైతే వచ్చే మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒక టైమ్ ఇవ్వగలరని ప్రార్థన.

---

పులివెందుల పవన్ | సోమవారం, 9:45

అక్కా, కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. కానీ టైమ్ ఎప్పుడో అర్థం కాలేదు.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 9:58

పవన్ చెప్పిందే అసలు జబ్బు. ఏడెనిమిది వాక్యాల్లో నాకు కావాల్సింది ఆఖరి వాక్యంలో ఉంది, అదీ సగమే. 'వచ్చే మంగళవారం' అంటే నేను చదివే రోజు మంగళవారమే కావచ్చు. వారం, తేదీ, గంట మూడూ రాయాలి.

రిపోర్టు తీసేయండి. మీ నాన్నగారి స్కాన్ మేము అడగలేదు, అది వచ్చి నాలుగు ఇన్‌బాక్సుల్లో తిరగడం మాకే ఇబ్బంది. 'తొలగించవద్దు' అని మీరే రాస్తే, తొలగించొచ్చనే ఆలోచన ఇచ్చింది మీరే అవుతారు. క్షమాపణ ఒక్కసారి చాలు.

నేనైతే ఇట్లా పంపుతాను:

> నమస్కారం మేడమ్,
>
> నవంబర్ 20 గురువారం ఉదయం 11:30కి అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఇంటర్వ్యూకి వస్తానని తెలిపాను. మా నాన్నగారి ఆపరేషన్‌ను ఆసుపత్రి ఇవాళ అదే రోజుకు మార్చింది, ఆయనతో నేనే ఉండాలి. అందువల్ల ఆ రోజు రాలేకపోతున్నాను, క్షమించండి.
>
> కింది సమయాల్లో ఎప్పుడైనా మీ ఆఫీసుకు రాగలను:
>
> నవంబర్ 25, మంగళవారం, మధ్యాహ్నం 2 నుంచి 5
> నవంబర్ 26, బుధవారం, ఉదయం 10:30 నుంచి 1
> నవంబర్ 27, గురువారం, మధ్యాహ్నం 2 నుంచి 5
>
> అనంతపురం నుంచి రావాలి కాబట్టి ముందు రోజు మధ్యాహ్నం లోపు తెలిపితే చాలు. ఇవేవీ ప్యానెల్‌కు కుదరకపోతే మీకు అనువైన తేదీ చెప్పండి, సర్దుకోవడానికి చూస్తాను.
>
> హరిత, ఫోన్ నంబర్

'ఇంటర్వ్యూకి రావాలని ఎదురుచూస్తున్నాను' అని ఒక వాక్యం కావాలంటే కలపండి. లేకపోయినా తేదీలు ఆ మాటే చెప్తున్నాయి.

---

పులివెందుల పవన్ | సోమవారం, 10:04

ఒక డౌటు అన్నా. 'మార్చడం కుదరకపోతే 20నే వస్తాను' అని కూడా రాస్తే సేఫ్ కదా? నేను చదివినవాటిలో అట్లే రాయమంటారు.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 10:08

రాగలిగితే రాయాలి. ఈమె రాలేదు. ఆ వాక్యం ఉందంటే 'సరే, 20నే రండి' అని రాసేవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఎందుకంటే నాకు పని తగ్గుతుంది. అప్పుడు ఆపరేషన్ సంగతి ఏమైనట్టు?

---

పులివెందుల పవన్ | సోమవారం, 10:12

పోనీ 21 సాయంత్రం ఆన్‌లైన్‌లో అరగంట మాట్లాడగలనని ఒక లైను?

---

కొండారెడ్డి బురుజు | సోమవారం, 10:15

ఆసుపత్రి వరండాలో కూర్చుని వీడియో ఇంటర్వ్యూనా? వెనక సెలైన్ సీసా కనపడుతుంది. వద్దు.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | సోమవారం, 10:20

నేను ఆన్‌లైన్ లైన్ ఉన్న మెయిల్స్‌ని మెచ్చుకున్న సందర్భాలున్నాయి, ముఖ్యంగా పోస్టు తొందరగా నింపాల్సి ఉన్నప్పుడు. కానీ నేరుగా రమ్మన్నారంటే ఎక్సెల్‌లో చిన్న పరీక్ష పెడతారేమో, అది ఆన్‌లైన్‌లో కుదరదు. హరిత గారు మనసులో ఉంచుకుని, వాళ్లు అడిగితే చెప్పడం మేలనిపిస్తోంది. పవన్ చెప్పింది తప్పని మాత్రం అనను.

---

తాడిపత్రి ట్యాలీ | సోమవారం, 10:24

నేనైతే రాసేస్తా. ఇంకో అభ్యర్థి ముందే కూర్చుంటే మన మూడు తేదీలూ గాలికి పోతాయి.

---

హరిత అనంతపురం | సోమవారం, 10:31

ఆన్‌లైన్ లైన్ లేకుండా పంపేశాను. ఇద్దరికీ వెళ్లింది, సబ్జెక్టు Re: తో అట్లే ఉంది. ఇప్పుడు నిద్ర పట్టాలి.

---

హరిత అనంతపురం | మంగళవారం, 18 నవంబర్, సాయంత్రం 5:20

పదిన్నరకి ఫోన్ చేశాను. మేడమ్ చూశానన్నారు, నాన్నగారికి ఏమైందని మాత్రం అడిగారు, ఇంకేమీ లేదు. నాలుగింటికి జవాబు వచ్చింది: 26 బుధవారం ఉదయం 11 గంటలకు! క్యాలెండర్‌లో కొత్త ఇన్విటేషన్ కూడా వచ్చింది. అందరికీ థ్యాంక్స్.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | మంగళవారం, 5:41

సంతోషం. ఇంకా రెండు పనులున్నాయి. అదే మెయిల్ కింద '26 బుధవారం ఉదయం 11కి వస్తాను, మిగతా రెండు సమయాలు వదిలేయవచ్చు' అని ఒక్క లైను పంపండి. రెండోది, మీ క్యాలెండర్‌లో పాత 20వ తేదీది పోయిందా ఉందా చూడండి. పాతదాన్నే జరిపి ఉంటే అందరికీ మారుతుంది. కొత్తది విడిగా వేసి ఉంటే పాతది ప్యానెల్ వాళ్ల దగ్గర అట్లే కూర్చుని ఉంటుంది.

---

నాగమణక్క | మంగళవారం, 6:10

26 సుబ్రహ్మణ్య షష్ఠి. ఇది అడక్కుండానే చెప్తున్నా.

---

హరిత అనంతపురం | గురువారం, 20 నవంబర్, మధ్యాహ్నం 2:15

నాన్న ఆపరేషన్ బాగా జరిగింది. స్పృహలోకి వచ్చి మొదట అడిగింది 'నీ ఇంటర్వ్యూ ఏమైంది' అనే.

ప్రసాద్ అన్నా, మీరు చెప్పిందే జరిగింది. మెయిల్‌లో ఒప్పుకుంటున్నట్టు లైను పంపాను గానీ, అడ్మిషన్ హడావుడిలో పాత ఇన్విటేషన్ చూడడం మర్చిపోయాను. 11:40కి థియేటర్ బయట కూర్చుని ఉంటే ఫోన్. ఎవరో మగగొంతు, 'రిసెప్షన్‌లో ఉన్నారా? మేము రూమ్‌లో వెయిట్ చేస్తున్నాం' అన్నారు. ప్యానెల్‌లో రెండో ఆయన! ఆయనకు మార్పు తెలియదట, క్యాలెండర్‌లో 11:30ది అట్లే ఉందట. తేదీ 26కి మారిందని, మేడమ్ జవాబు పంపారని చెప్పాను. ఆయన 'ఓకే' అని పెట్టేశారు. కోపమో మామూలో తెలియలేదు. చేతులు వణికాయి.

---

గుంతకల్లు జంక్షన్ | గురువారం, 2:22

ఇదేం ఖర్మ. తప్పు వాళ్లది, మాట పడేది మనం.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | గురువారం, 2:50

నాన్నగారు బాగున్నారు, అది ముందు.

ఇది తరచూ జరుగుతుంది. హెచ్ఆర్ పాతదాన్ని రద్దు చేయకుండా కొత్తది వేశారు, కొత్తదానిలో ఒక్క మేనేజర్‌నే చేర్చి ఉంటారు. ఇప్పుడే అదే మెయిల్ కింద మేడమ్‌కి రాయండి: 'ఇవాళ 11:40కి ప్యానెల్ నుంచి ఫోన్ వచ్చింది, 26కి మారిన సంగతి తెలిపాను. 20వ తేదీ ఇన్విటేషన్ ఇంకా కనపడుతోంది, దయచేసి రద్దు చేయగలరా.' నేరం మోపే మాట ఒక్కటీ వద్దు. ఆమె మంగళవారం పంపిన జవాబు కిందే ఉంటుంది కాబట్టి చూసినవాళ్లకి అర్థమవుతుంది. ఆ రెండో ఆయనకి విడిగా రాయకండి, ఆమెని దాటి పోయినట్టవుతుంది.

---

తాడిపత్రి ట్యాలీ | గురువారం, 3:05

నేనైతే ఆయనకీ కాపీ పెడతా. ఫోన్ చేసింది ఆయనే కదా.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | గురువారం, 3:09

ఆయన అడ్రస్ ఇన్విటేషన్‌లో కనపడుతోందని మనం వాడుకోవచ్చా అన్నది నాకు ఎప్పుడూ సందేహమే. నీకు అలవాటైతే చెయ్, నేను చెయ్యను.

---

హరిత అనంతపురం | బుధవారం, 26 నవంబర్, రాత్రి 9:30

ఇప్పుడే చిన్నమ్మ ఇంటి నుంచి రాస్తున్నాను. ఇంటర్వ్యూ అయింది. గురువారం మెయిల్ రాసిన గంటకే పాత ఇన్విటేషన్ రద్దయింది, మేడమ్ సారీ కూడా చెప్పారు.

ఫోన్ చేసిన ఆయనే మొదట మాట్లాడారు, 'నాన్నగారు ఇంటికి వచ్చారా' అని. శనివారం వచ్చారని చెప్పాను. తర్వాత నలభై నిమిషాలు 3బికి, పుస్తకాలకి తేడా వస్తే ఎక్కడ వెతుకుతావనే అడిగారు. ఎక్సెల్ పరీక్ష కూడా పెట్టారు. ఫలితం వారం తర్వాత చెప్తారట.

---

కొండారెడ్డి బురుజు | బుధవారం, 9:38

చెల్లీ, ఆ మెయిల్ కాపీ చేసి పెట్టుకుంటున్నా. నాకు సోమవారం హైదరాబాదులో ఒకటుంది. కారణం మాత్రం ఇంకా దొరకలేదు.

---

ప్రొద్దుటూరు ప్రసాద్ | బుధవారం, 9:40

కారణం లేకపోతే ఆ మెయిల్ ఎందుకు బాబూ? పొద్దున నాలుగింటి బస్సెక్కు.

---

నాగమణక్క | బుధవారం, 9:52

హరితా, నాన్నను నెల రోజులు బరువులు ఎత్తనీయద్దు. బిందె కూడా.